పదేళ్లు ఆగితే స్మాల్ క్యాప్‌లో రిస్క్ లేనట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. పాప మూడో తరగతి. ఇంజనీరింగ్ ఫీజుల కోసం నెలకు 12 వేలు సిప్ మొదలుపెడదామనుకుంటున్నాను. గత ఐదేళ్లలో స్మాల్ క్యాపే ఎక్కువ ఇచ్చింది, మొత్తం అందులోనే పెట్టమని ఆఫీసులో అందరూ అంటున్నారు. పదేళ్లు ఆగితే రిస్క్ ఉండదంటున్నారు, నిజమేనా? లార్జ్, మిడ్, స్మాల్ మూడింటిలో దేనికి ఎంత పెట్టాలి?

జవాబు: నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. రిటర్నుల సీజన్ వస్తే క్లయింట్ల మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి. ఎవరు ఏ ఫండు కొన్నారన్నదాని కంటే ఎప్పుడు అమ్ముకున్నారన్నది వాటిలో బాగా కనిపిస్తుంది. నేను చెప్పేదంతా అక్కడ చూసిందే.

ముందు ఆ ఐదేళ్ల లెక్క సంగతి చూద్దాం. 2020 మార్చిలో కోవిడ్ దెబ్బకు మార్కెట్ అడుగంటింది. అక్కడినుంచో, ఆ తర్వాతి ఒకటి రెండేళ్ల నుంచో లెక్క మొదలుపెడితే ఏ స్మాల్ క్యాప్ ఫండైనా బంగారంలాగే కనిపిస్తుంది. అదే ఐదేళ్లను 2015 మార్చి నుంచి 2020 మార్చి వరకు తీసుకోండి. పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 8,491 దగ్గర మొదలై 8,598 దగ్గర ఆగింది. అంటే డివిడెండ్లు వదిలేస్తే ఐదేళ్లకు దాదాపు ఏమీ రాలేదు. స్మాల్ క్యాప్ సూచీ అయితే మొదలుపెట్టిన చోటికంటే బాగా కిందే ఉంది. ఆ నెలలో మీ ఆఫీసులో ఇదే ప్రశ్న అడిగి ఉంటే అందరూ ఎఫ్‌డీ వేసుకోమనేవారు.

మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చిన నిర్వచనం చాలామందికి తెలిసిందే కాబట్టి ఒక్క ముక్కలో చెప్తాను. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 కంపెనీలు లార్జ్, 101 నుంచి 250 వరకు మిడ్, 251 నుంచి కిందున్నవన్నీ స్మాల్. ఆ చివరి గుంపుకు కింద హద్దు లేదు. వేల కోట్ల కంపెనీ కూడా అందులోనే ఉంటుంది, రోజుకు నాలుగు షేర్లు చేతులు మారే కంపెనీ కూడా అందులోనే ఉంటుంది.

పడిపోవడం అనగానే అందరూ 2008, కోవిడ్ గురించే మాట్లాడతారు. ఈ మూడు రకాల మధ్య తేడా అర్థం కావాలంటే నా దృష్టిలో చూడాల్సింది 2018 జనవరి నుంచి 2020 మార్చి దాకా నడిచిన కాలం. అది ఒక్కసారిగా కూలిపోవడం కాదు, మెల్లగా కారిపోవడం.

2018 జనవరిలో సూచీలు బాగా పైనున్నప్పుడు మూడింటిలో తలా లక్ష పెట్టారనుకోండి. డివిడెండ్లు కలపకుండా చూస్తే, 2019 డిసెంబరు చివరికి, అంటే కోవిడ్ మాట ఇక్కడ ఎవరికీ తెలియకముందే, నిఫ్టీ 50లో పెట్టిన లక్ష సుమారు లక్షా 9 వేలయింది. మిడ్ క్యాప్ 100 సూచీలో పెట్టింది 79 వేలకు దిగింది. స్మాల్ క్యాప్ 100 సూచీలో పెట్టింది 61 వేల చుట్టూ ఉంది. ఆపైన మార్చిలో కోవిడ్ పతనం వచ్చింది. అప్పటికి మొదటి లక్ష 68 వేలు, రెండోది 50 వేలు, మూడోది 34 వేల దాకా వచ్చాయి. ఇంత జరిగినా నిఫ్టీ అదే ఏడాది నవంబరుకల్లా కోవిడ్‌కు ముందున్న గరిష్ఠాన్ని దాటేసింది. మిడ్ క్యాప్ 2018 నాటి స్థాయికి తిరిగి రావడానికి సుమారు మూడేళ్లు పట్టింది. స్మాల్ క్యాప్ 2021లో గానీ రాలేదు.

దీనికి కారణాలు వింతవేమీ కాదు. 2018 బడ్జెట్లో షేర్ల లాభాల మీద దీర్ఘకాలిక పన్ను మళ్లీ వచ్చింది. ఏ ఫండు ఏ సైజు కంపెనీలు కొనాలో సెబీ కొత్త నిబంధనలు పెట్టడంతో చాలా ఫండ్లు తమ జాబితాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ అప్పులు ఎగ్గొట్టడంతో ఫైనాన్స్ కంపెనీలకు డబ్బు పుట్టడం కష్టమైంది. పెద్ద కంపెనీలు ఇలాంటివి తట్టుకుంటాయి. చిన్న కంపెనీలకు అప్పు దొరకడం ఆగితే వ్యాపారమే ఆగుతుంది.

పెదనాన్న గారి అబ్బాయి, మా అన్నయ్యకు వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం. కంకిపాడు దగ్గర స్థలం అమ్మగా వచ్చిన డబ్బులో 8 లక్షలు 2018 జనవరిలో ఒక స్మాల్ క్యాప్ ఫండులో పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఇంటిమీద పై అంతస్తు వేద్దామని ఆలోచన. 2019 మేలో సెన్సెక్స్ మొదటిసారి 40 వేలు తాకినప్పుడు టీవీలన్నీ అదే చూపించాయి. అప్పుడు ఫోన్ చేసి, "ఒరేయ్, దేశమంతా లాభాల్లో ఉందంటున్నారు, నాదేంట్రా ఇలా ఏడుస్తోంది?" అన్నాడు. ఆ ఆగస్టులో మొత్తం తీసేస్తే చేతికి వచ్చింది అయిదున్నర లక్షలు. 2021 దాకా ఆగి ఉంటే అసలు వచ్చేదని ఇప్పుడు చెప్పడం తేలికే. కానీ ఆగి ఉంటే ముందు 2020 మార్చి చూడాల్సి వచ్చేది. పైగా అప్పటికే మేస్త్రీతో మాటలయ్యాయి, ఇనుము, సిమెంటు రేట్లు ఆగవు. ఆయన భయపడి అమ్మలేదు, డబ్బు అవసరమయ్యే రోజు వచ్చింది కాబట్టి అమ్మాడు. నేను చూసిన స్టేట్‌మెంట్లలో నష్టానికి తీసినవి ఎక్కువ ఇలాంటివే. ఫీజు, పెళ్లి, స్లాబు.

అమ్మడానికి వెళ్తే కొనేవాళ్లు ఉండరన్నది స్మాల్ క్యాప్‌లో ఉన్న రెండో చిక్కు. 2019 తర్వాత అమరావతి చుట్టుపక్కల ప్లాట్ల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గజం ఇంత అని చెప్పేవాళ్లు ఉండేవారు, ఆ రేటుకు డబ్బు తెచ్చేవాళ్లు కనపడేవారు కాదు. చిన్న కంపెనీల షేర్లకు చెడ్డరోజుల్లో అదే గతి. ఫండు మీ డబ్బు రెండు మూడు రోజుల్లో ఇచ్చేస్తుంది, నిజమే. కానీ చాలామంది ఒకేసారి అడిగితే మేనేజరు వచ్చిన రేటుకే అమ్ముకోవాలి, ఆ నష్టం మిగిలినవాళ్ల ఎన్‌ఏవీలోకి, అంటే యూనిట్ ధరలోకి వస్తుంది. ఈ భయంతోనే 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు తమ దగ్గరున్న షేర్లలో 25 శాతం, 50 శాతం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో బయటపెడుతున్నాయి. దాన్ని స్ట్రెస్ టెస్ట్ అంటారు, ఫండు కంపెనీ సైటులోనే ఉంటుంది. మీరు ఏ స్మాల్ క్యాప్ ఫండు ఎంచుకున్నా పెట్టేముందు ఆ అంకె చూడండి. ఫండులో డబ్బు ఎక్కువయ్యే కొద్దీ ఆ రోజులు పెరుగుతుంటాయి.

ఇక పదేళ్ల మాట. 2008 జనవరిలో 14 వేలు దాటిన బీఎస్‌ఈ స్మాల్ క్యాప్ సూచీ 2009 మార్చికి 3 వేల లోపుకు పడింది. అంటే ఐదింట నాలుగొంతులు పోయాయి. మళ్లీ ఆ 14 వేలు చూసింది 2017లో, తొమ్మిదేళ్లకు. మిడ్ క్యాప్ కూడా అప్పుడు డెబ్బై శాతం పైగా పడింది, 2014లో తేరుకుంది. నిఫ్టీ 60 శాతం పడి, 2010 నవంబరులో ఒకసారి పాత ఎత్తు తాకి మళ్లీ జారి, 2014లో గానీ నిలకడగా దాటలేదు. కొన్ని మంచి స్మాల్ క్యాప్ ఫండ్లు సూచీ కంటే చాలా ముందే కోలుకున్నాయి. కాకపోతే అవి ఏవన్నది ఆ తర్వాతే తెలిసింది. కాబట్టి పదేళ్లు ఆగితే రిస్క్ లేదన్నమాట స్మాల్ క్యాప్ విషయంలో నేను ఒప్పుకోను. నా లెక్కలో లార్జ్‌కు కనీసం ఐదు నుంచి ఏడేళ్లు, మిడ్‌కు ఏడు నుంచి పదేళ్లు కావాలి. స్మాల్‌కు పదేళ్లు దాటాలి, పైగా ఆ డబ్బుకు ఫలానా నెలలో కావాలనే తేదీ ఉండకూడదు.

సిప్ కదా, కొన్న రేటు సగటు అవుతుంది కదా అంటారు. మొదట్లో అవుతుంది. మీ లెక్కే వేద్దాం. నెలకు 12 వేల చొప్పున పదేళ్లలో మీరు కట్టేది 14 లక్షల 40 వేలు. ఏడాదికి 12 శాతం పెరిగిందనుకుంటే సుమారు 28 లక్షలవుతుంది. అప్పటికి మీ నెలవారీ 12 వేలు ఆ మొత్తంలో అర శాతం కూడా కాదు, అది ఇంక దేన్నీ సగటు చేయలేదు. పాప ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు స్మాల్ క్యాప్‌లో 60 శాతం పతనం వస్తే 28 లక్షలు 11 లక్షలవుతాయి, కట్టినదానికంటే తక్కువ. 2020లో నిఫ్టీ పడినట్టు 38 శాతం పడితే 17 లక్షల పైన మిగులుతాయి. కౌన్సెలింగ్ తేదీ మార్కెట్ కోసం ఆగదు.

మీ స్థానంలో నేనైతే 12 వేలలో 7 వేలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండుకు, 3 వేలు మిడ్ క్యాప్‌కు, 2 వేలు స్మాల్ క్యాప్‌కు పెడతాను. స్మాల్ క్యాప్‌లో ఆ రెండు వేలు కూడా ఎందుకంటే, మొదటి ఏళ్లలో మార్కెట్ పడితే మీకే మంచిది, చవగ్గా యూనిట్లు వస్తాయి. మిడ్ క్యాప్‌ను మధ్యస్థం అనుకుని ఎక్కువ పెట్టకండి. పైకి వచ్చేటప్పుడు స్మాల్ కంటే ముందు వస్తుంది గానీ, పడేటప్పుడు దాదాపు దానితోపాటే పడుతుంది.

పాప ఎనిమిదో తరగతికి వచ్చాక స్మాల్ క్యాప్ సిప్ ఆపేసి ఆ 2 వేలు ఇండెక్స్ ఫండుకు మార్చండి. తొమ్మిది, పది తరగతుల్లో స్మాల్ క్యాప్‌లో పోగైనదాన్ని విడతలుగా తీసి ఎఫ్‌డీకో లిక్విడ్ ఫండుకో పంపండి. ఇంటర్ మొదటి ఏడాదిలో మిడ్, ఆ తర్వాత మొదటి సంవత్సరం ఫీజుకు సరిపడా లార్జ్ తీయండి. రెండు, మూడు, నాలుగో సంవత్సరాల ఫీజులకు ఇంకా టైముంది కాబట్టి మిగిలిన లార్జ్‌ను కూడా ఏడాదికింత చొప్పున దించుకోవచ్చు. ఇలా విడతలుగా తీస్తే పన్నులోనూ కలిసొస్తుంది. ఇప్పుడున్న రూలు ప్రకారం ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ప్రతి ఆర్థిక సంవత్సరం లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆపైన పన్నెండున్నర శాతం. మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత తీస్తే రెండు సంవత్సరాల మినహాయింపూ వాడుకున్నట్టే. సిప్‌లో ప్రతి నెల వాయిదాకూ ఏడాది గడువు విడిగా లెక్కిస్తారు. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి ఇబ్బంది ఉండదు గానీ, మొత్తం ఒకేసారి తీసేస్తే చివరి పన్నెండు వాయిదాల లాభం మీద 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో ముందే తీసినందుకు ఆ వాయిదాల మొత్తం మీద ఒక శాతం ఎగ్జిట్ లోడ్ పడతాయి.