కుక్కపిల్లల్ని తీసుకెళ్లే ముందు ఈ ఉత్తరం చదవండి

ఈ ఆదివారం మా షెల్టర్‌లో వీధి కుక్కపిల్లల్ని దత్తత ఇస్తున్నాం. వచ్చే అందరికీ ముందే ఒక మాట చెప్పాలి. మా దగ్గర నుంచి వెళ్లిన పిల్లల్ని ఎక్కువగా పోగొట్టేది పార్వో అనే వైరస్ జబ్బు, అదీ చాలాసార్లు "ఒక ఇంజెక్షన్ అయిపోయిందిగా" అన్న ధీమా వల్ల.

ఒక డోసు ఎందుకు చాలదంటే, తల్లిపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తాం. ఏడు వారాల పిల్లని తీసుకెళ్తున్నారనుకోండి, మొదటి డోసు మేమే వేసి ఇస్తాం, మిగతావి 10, 13, 16 వారాలకి మీరు వేయించాలి. ఆ 16వ వారం డోసు మాత్రం అస్సలు వదలొద్దు, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. అన్నీ అయ్యేదాకా దాన్ని వీధిలోకి, పార్కులోకి దింపొద్దు, బయటికి వెళ్లాలంటే ఎత్తుకునే తిప్పండి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మీ చెప్పులతో ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది, అందుకే చెప్పులు గుమ్మం బయటే.

కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు రోజులు మోషన్స్ కొంచెం పలచగా అవ్వడం మామూలే. మేం పెట్టే తిండే రోజుకి నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి, వారం తర్వాత నెమ్మదిగా మార్చండి. ఆవుపాలు పోయకండి, చాలా పిల్లలకి అరగవు. పలచగా అవుతున్నా ఆడుతూ తింటూ ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, నులిపురుగుల మందు తేదీ దాటిందేమో చూసుకోండి, ఈ వయసులో రెండు వారాలకోసారి పడాలి. తిండి ముట్టకుండా మూలన ముడుచుకుని, వాంతులు చేసుకుంటూ, ఘాటైన కంపుతో నీళ్లలాగా గానీ రక్తంతో గానీ మోషన్స్ అవుతుంటే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఆ పూటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. చిన్న పిల్లలు ఒంట్లో నీరు పోయి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. మలంతో చేసే కిట్ టెస్టు పార్వో ఉందో లేదో కాసేపట్లో తేల్చేస్తుంది, కానీ మొదట్లో ఒక్కోసారి నెగిటివ్ వస్తుంది. అందుకే పిల్ల నీరసంగానే ఉంటే టెస్టుని నమ్ముకుని ఇంటికి తీసుకొచ్చేయకండి, సెలైన్ పెట్టమని అడగండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయొద్దు, బలవంతంగా నోట్లో తిండి పెట్టొద్దు.

జబ్బు చేసిన పిల్లని ఉంచిన చోట ముందు మురికంతా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. మామూలు ఫినాయిల్‌కి ఈ వైరస్ లొంగదు. బ్లీచ్ ఆరేదాకా పిల్లని అటు రానివ్వకండి.

ఇంకొకటి, మీ ఇంట్లో ఈ ఏడాదిలో పార్వోతో పిల్ల పోయి ఉంటే దాచకుండా చెప్పండి. మీకు టీకాలన్నీ పూర్తయిన కాస్త పెద్ద పిల్లనే ఇస్తాం, అవీ మా దగ్గర ఉన్నాయి.