పువ్వులు లెక్కపెట్టి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఇక్కడ ఎంవీపీ కాలనీలో మాకు తెలిసిన బెడ్‌షీట్ల వ్యాపారి కోసం, తను గీసిన పువ్వుల డిజైన్‌తో, కృత్రిమ మేధ సాధనంలో ప్రాంప్ట్ రాసి పడకగది చిత్రాలు చేసింది. ఒకటి జతచేశాను. ప్రాంప్ట్‌లు రాయడం నేర్పే ఆరు నెలల కోర్సులో చేర్చమంటోంది. మా బావమరిది మాత్రం ఇది ఎవరైనా చేసే పనే అంటున్నారు. కోర్సులో చేర్పించాలా, టెక్స్‌టైల్ డిజైన్ డిగ్రీకి పంపాలా? ఏది చదివినా చివరికి యంత్రమే చేసేస్తుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అయ్యా, మీరు పంపిన చిత్రాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. కిటికీలోంచి పడే ఎండ, పరుపు అంచున జారిన మడతలు చాలా అందంగా ఉన్నాయి. అయితే పాదాల వైపు అడ్డంగా 5 పువ్వులు ఉంటే, దిండ్ల దగ్గర 8 ఉన్నాయి. దూరంగా ఉన్న పువ్వు చిన్నదిగా కనిపించడం సహజమే కానీ, మంచం వెడల్పు మారనప్పుడు సంఖ్య మారకూడదు. డిజైన్ రిపీట్, అంటే అదే పువ్వు మళ్లీ మొదలయ్యే దూరం, అడ్డంగా 30 సెంటీమీటర్లని మీ అమ్మాయి చిత్రం కింద రాసింది; 150 సెంటీమీటర్ల మంచం మీద అది ఎక్కడ లెక్కపెట్టినా 5 సార్లే రావాలి. పైగా, ఒక వరుసకూ పక్క వరుసకూ సగం రిపీట్ దిగువకు జరిగే ఆమె అమరిక, చిత్రం మధ్యకు వచ్చేసరికి తిన్నని గళ్లుగా మారిపోయింది. సాధనం ఆమె డిజైన్‌ను వేయలేదు, దాన్ని పోలిన పువ్వులను ఊహించి వేసింది. కొన్నవారికి వేరే బట్ట చేరితే అది తిరిగి వ్యాపారి దగ్గరకే వస్తుంది.

ప్రాంప్ట్‌లో మాటలు ఎంత పెంచినా ఈ లోపం పూర్తిగా పోదు. అందువల్ల పువ్వులను సాధనానికి అప్పగించకుండా, గదినీ వెలుగునూ మడతలనూ మాత్రమే అడగడం మేలు.

```
plain white cotton bedsheet on a double bed, no print,
soft shallow folds, low morning sun from left window
through sheer curtain, three-quarter view
```

ఇలా వచ్చిన తెల్లని దుప్పటి మీద ఆమె అసలు డిజైన్‌ను ఫోటోషాప్‌లో కొలత ప్రకారం పరచి, మంచం కోణానికి వంచి, Multiply పద్ధతిలో కలిపితే మడతల నీడలు పువ్వుల మీదికి వస్తాయి. చిన్న ముడతల వెంట డిజైన్‌ను వంచడానికి అందులోని Displace ఫిల్టర్ సరిపోతుంది. లోతైన మడత దగ్గర మాత్రం చేత్తోనే పని చేయాలి. పువ్వులో కొంత భాగం మడతలో దాగి, మిగిలినది అవతలి వైపు సరైన చోట బయటపడాలి. పువ్వు చెక్కుచెదరకుండా మడత మీదుగా సాగిపోతే, చూసేవారికి అది బట్ట కాదని వెంటనే తెలిసిపోతుంది.

ఉదయపు ఎండ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మీ చిత్రంలో తెల్లని దిండు గలీబు కూడా పసుపుగా ఉంది, అంటే నీలిరంగు పువ్వు కూడా అసలు రంగులో లేదన్నమాట. ఎండ పసుపును గోడ మీద, నేల మీద ఉంచి, దుప్పటి నడిభాగాన్ని తెల్లని వెలుగులో వదిలితే ఉదయమూ కనిపిస్తుంది, రంగూ నిలుస్తుంది.

ఇప్పుడు మీ భయం సంగతికి వస్తాను. ప్రాంప్ట్ రాయడం ఆమెకు కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. సాధనం మారిన ప్రతిసారీ రాసే తీరూ మారుతుంది కనుక, దాని కోసమే ఆరు నెలల ఫీజు కట్టడం నాకు సమ్మతం కాదు. ఈ కోర్సుల ప్రకటనలు చూపించే జీతాల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. రిపీట్ ఎందుకు తప్పిందో చెప్పగల కన్ను మాత్రం బట్ట దగ్గరే తయారవుతుంది. చాలా మిల్లుల్లో బట్ట మీద డిజైన్ అచ్చువేసే గొట్టం లాంటి రోటరీ స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి నిలువు రిపీట్ 64, 32, 16 వంటి సమభాగాల్లోనే ఉండాలన్న సంగతి టెక్స్‌టైల్ డిజైన్ చదివేవారికి చేతిపనిలోనే తెలుస్తుంది. యంత్రం పొరపాటును పట్టుకోవలసింది ఆ కన్నే, కనుక ఆమె చదువు వృథా అవుతుందన్న బెంగ పెట్టుకోకండి. హైదరాబాద్ నిఫ్ట్‌లో ఆ డిగ్రీ ఉంది, విశాఖ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం.

ఒక మాట కటువుగానే చెబుతున్నాను. బావమరిదిగారి అభిప్రాయం రాశారు కానీ, ఆ చిత్రం ఎలా చేసిందో మీ అమ్మాయిని ఒక్కసారైనా అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రిపీట్ కొలత రాసుకున్న పిల్ల పనిని ఎవరైనా చేస్తారని అనిపించుకోవడం న్యాయం కాదు, దానిని మీరు నాకు ఖండించకుండా చేరవేయడం ఇంకా తప్పు.

ఈ ఆదివారం ఉదయం వ్యాపారి దగ్గర నుంచి ఒక అసలు దుప్పటి తెచ్చి, మీ ఇంట్లో తూర్పు కిటికీ పక్క మంచం మీద పరచి, మీరిద్దరూ కూర్చుని పువ్వులు లెక్కపెట్టండి. దానికి ఫోన్‌తో ఒక ఫోటో తీసి, ఆమె కొత్తగా చేసిన చిత్రాన్ని పక్కన పెట్టి నాకు పంపండి.