రిస్క్‌కి మందు వేశాక ఫైలు మూసేయకండి

ప్రశ్న: మా ఆఫీసులో రెస్పాన్స్ ఎంచుకోగానే రిజిస్టర్‌లో ఆ రిస్క్‌ని క్లోజ్ చేసేస్తున్నారు. రెసిడ్యువల్ రిస్క్, సెకండరీ రిస్క్ అని మళ్లీ విడిగా చూడాలా?

చూడాలి. నా అనుభవంలో అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

చెన్నైలో తిరువాన్మియూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌కి బేస్‌మెంట్ తవ్వాం. ఇసుక నేల, రెండు మీటర్ల లోతులోనే నీళ్లు. మేం తవ్వాల్సింది ఐదు మీటర్లు. గుంతలోకి నీళ్లు రాకుండా చుట్టూ వెల్‌పాయింట్లు, అంటే నీళ్లు లాగే సన్నటి గొట్టాలు దించి, భూగర్భజలాన్ని ఐదున్నర మీటర్ల లోతు దాకా తోడాలని నిర్ణయించాం. రిజిస్టర్‌లో ఆ వరుసకు వెంటనే ఆకుపచ్చ రంగు వేసేశారు.

కానీ నీళ్లు తోడితే మన గుంత ఒక్కటే ఎండదు, పక్కింటి కింద కూడా నీటిమట్టం దిగుతుంది. మట్టం ఒక మీటరు దిగితే, కింది మట్టి మీద చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను భారం కొత్తగా పెట్టినట్టే లెక్క. పక్కన ఉన్నది పాత ఇటుక గోడల ఇల్లు. అది కుంగే ప్రమాదం మేం పంపు పెట్టడం వల్లే పుట్టింది. సెకండరీ రిస్క్ అంటే అదే. పంపు ఆగితే నీళ్లు మళ్లీ రావడం మాత్రం పాత ప్రమాదంలో మిగిలిన ముక్క, రెసిడ్యువల్.

ఓనరు ముందే స్పష్టంగా చెప్పారు: "నెల ఆలస్యమైనా భరిస్తాను, పక్కవాళ్ల గోడకి గీత పడకూడదు." రిస్క్ అపెటైట్, అంటే ఏ నష్టం ఎంతవరకు భరిస్తామన్నది, నాకు ఇలాంటి మాటలో కావాలి. "మా అపెటైట్ తక్కువ" అని పాలసీలో రాసుకుంటే సైటులో ఎవరికీ ఉపయోగం లేదు. ఆ మాటను మా స్ట్రక్చరల్ ఇంజనీరు అంకెలుగా మార్చారు: పక్కింటి గోడ 5 మిల్లీమీటర్లు కుంగితే హెచ్చరిక, 10 దాటితే ఆ వైపు పంపులు ఆపాలి. ఆపే అధికారం రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌కి కూడా ఇచ్చారు.

ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడ పిలిచి, "బాబూ, వెనక తలుపు గడపకి రాసుకుంటోంది, నిన్నటిదాకా బాగానే పడేది" అన్నారు. ఎక్కడా పగులు లేదు. కొలిస్తే 6 మిల్లీమీటర్లు. పంపు నీళ్లు తొట్టిలో పట్టి చూస్తే అడుగున సన్నటి ఇసుక తేరింది. తోడిన నీళ్లు తేటగా ఉండాలి. ఇసుక వస్తోందంటే పునాది కింది మట్టినే లాగేస్తున్నట్టు. ఆ వైపు పంపులు ఆపించి, వెల్‌పాయింట్ల చుట్టూ ఫిల్టర్ ఇసుక మళ్లీ పోయించి, పక్కింటి వైపు రీచార్జ్ బావులు దించి కొంత నీటిని తిరిగి నేలలోకే పంపాం. కుంగడం 7 దగ్గర ఆగింది.

ఆ బావులకి డబ్బు అడిగితే అకౌంట్స్ నుంచి వచ్చిన జవాబు: "ఆ రిస్క్ క్లోజ్ అయింది కదా, దాని కంటింజెన్సీ వెనక్కి తీసేశాం." ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. రెస్పాన్స్ తర్వాత స్కోరు 12 నుంచి 4కి దిగిందని రాస్తారు, ఆ 4 ఎక్కడిదో ఒక్కరూ అడగరు. మిగిలిన రిస్క్ కోసమే ఉంచిన డబ్బుని, రిస్క్ తగ్గిందని తీసేస్తారు!

బేస్‌మెంట్ అడుగంతా పరిచే కాంక్రీటు పునాది, రాఫ్ట్, పోశాక ఇంకో చిక్కు వచ్చింది. అప్పుడు పంపులు ఆగితే ఖాళీ బిందె తేలినట్టు బేస్‌మెంట్ పైకి లేస్తుంది. రాఫ్ట్ మందం 600 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు ఒకటిన్నర టన్ను బరువు. దాని అడుగు నుంచి నీళ్లు ఒకటిన్నర మీటరు పెరిగితే ఆ బరువు చాలదు. అంటే నేల నుంచి మూడున్నర మీటర్ల లోతు దాకా నీళ్లు వస్తే ప్రమాదం. పక్కిల్లు కుంగితే పంపు ఆపాలి, రాఫ్ట్ లేస్తుందంటే ఆపకూడదు. రెండు హద్దులూ ఒకేసారి తగిలితే?

ఆ జవాబు ముందే రాసిపెట్టాం. పరిశీలన బావిలో నీళ్లు నాలుగున్నర మీటర్లకు వస్తే జనరేటర్, అదనపు పంపు. పక్కింటి కోసం పంపులు ఆపాల్సి వచ్చినా, కరెంటూ జనరేటరూ రెండూ పోయినా, మట్టం నాలుగు మీటర్లకు చేరగానే రాఫ్ట్‌లో వదిలిన పైపులు తెరిచి బేస్‌మెంట్‌లోకి మనమే నీళ్లు వదలాలి. లోపల నీళ్లు నిండితే ఆ బరువే రాఫ్ట్‌ని పట్టి ఉంచుతుంది. దానివల్ల బురద కడగాలి, కమ్మీల తుప్పు గీకాలి, పని ఆలస్యమవుతుంది. నెల ఆలస్యం ఓనరు ముందే ఒప్పుకున్నదే కాబట్టి ఆ నష్టానికి ఇంకో రెస్పాన్స్ పెట్టలేదు, డబ్బు మాత్రం పక్కన ఉంచాం.

తేలే రిస్క్‌ని పై స్లాబుల బరువు చాలినంత వచ్చిందని లెక్క చూసుకున్నాకే క్లోజ్ చేశాం. పక్కింటి వరుసని మాత్రం పంపులు తీసేసి, నీటిమట్టం మామూలుకి వచ్చి, గోడ కొలతలు కదలకుండా నిలిచేదాకా తెరిచే ఉంచాం. మీ ఆఫీసు రిజిస్టర్‌లో క్లోజ్ అని ఉన్న ఒక వరుస తీసుకుని, ఏ కొలత చూసి మూశారో, మళ్లీ ఏ అంకె దాటితే తెరుస్తారో అడగండి.