మోటారు మూలుగుతుంది కానీ తిరగదు, ఎందుకు?

మా ఇంటి సింగిల్ ఫేజ్ నీళ్ల మోటారు స్విచ్ వేస్తే "గుం" అంటోంది, తిరగడం లేదు. కాయిల్ కాలిపోయిందా?

చాలావరకు కెపాసిటర్ పోయి ఉంటుంది. అది కాకపోతే షాఫ్ట్ బిగుసుకోవడమో, వోల్టేజీ తగ్గడమో కారణం.

సింగిల్ ఫేజ్‌లో మెయిన్ వైండింగ్ ఒక్కటే రోటరును కదిలించలేదు. దాని అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుందే తప్ప తిరగదు. ఆ అదురే మూలుగు. కెపాసిటర్ స్టార్టింగ్ వైండింగ్‌లోని కరెంటును కొంత ముందుకు జరిపి, తిరిగే క్షేత్రాన్ని పుట్టిస్తుంది.

అనంతపురంలో సంపు పక్కనున్న అర హెచ్‌పీ మోటారునే తీసుకోండి. మెయిన్ ఆపి వెనక ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, అంటే షాఫ్ట్ బాగుంది. బిగుసుకుని ఉంటే, ఉప్పునీటి ఊళ్లలో ఇంపెల్లర్‌కు పట్టిన గారనో తుప్పునో ముందు అనుమానించాలి. స్విచ్ వేసినప్పుడు వోల్టేజీ 225 ఉంది, అదీ సరే. 170కి పడిపోయి ఉంటే స్టార్టింగ్ బలం దాదాపు సగమే మిగిలేది. ఇక కెపాసిటర్: పైన 10 మైక్రోఫారడ్లని రాసి ఉంది, మీటరులో 4 చూపింది. దొరికింది దొంగ! అదే విలువ, అంతే వోల్టేజీ ఉన్నది మార్చాలి. పాతదాన్ని ముట్టుకునే ముందు రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయాలి.

మూలుగు వినగానే కాయిల్ కాలిందని రీవైండింగ్‌కు పంపేస్తుంటారు. నిజానికి మూలుగుతోందంటే మెయిన్ వైండింగ్‌లో కరెంటు పారుతున్నట్టే. అయితే తిరగని మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వెంటనే ఆపకపోతే అప్పుడు నిజంగానే కాలుతుంది. కొత్త కెపాసిటర్ వేసినా కదలకపోతే స్టార్టింగ్ వైండింగ్ తెగిందేమో చూపించాలి.