"చొత్తో..." అని ఆగిపోతే

ప్రశ్న: అన్నా, జపాన్ వచ్చి ఎనిమిది నెలలైంది. భాషా మార్పిడి మీటప్‌లో పరిచయమైన ఒకమ్మాయిని ఎక్కడికైనా రమ్మని అడగాలనుంది. ఇక్కడ ముఖం మీద అడగకూడదంటున్నారు. ఎలా?

తమ్ముడూ, "ఇకితాయ్ దెస్ కా" అని మాత్రం అడక్కు. వ్యాకరణం తప్పు కాదు గానీ, "నీకు వెళ్లాలనుందా" అని మనసులోకి తొంగిచూసినట్టుంటుంది. వాళ్లు "ఇకిమసెన్ కా" అంటారు, మాటకు మాటగా "వెళ్లరా?" అని. మనం "ఓసారి మా ఇంటికి రాకూడదూ" అంటామే, అదే మర్యాద. కాదనడానికి దారి ముందే తెరిచి ఉంచడం.

అసలు ఆ మాటకంటే ముందు విషయం కదపాలి. "ఫలానా ఫొటో ప్రదర్శన బాగుందట" అని ఊరుకో. ఆవిడ "అలాగా" అని మాట మార్చేస్తే నువ్వూ మార్చెయ్. ఇద్దరి పరువూ దక్కుతుంది. "నాకూ చూడాలనుంది" అంటే అప్పుడు అడుగు: "యొకత్తర, ఇష్షొ ని ఇకిమసెన్ కా." వీలైతే కలిసి వెళ్దామా అని. "ఫుతరి దె", అంటే ఇద్దరమే, అని కూడా చేర్చు. నేనది మింగేసి అడిగితే ఆవిడ ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొచ్చింది. ఆ సాయంత్రమంతా ముగ్గురికీ ఫొటోలు తీశాను.

ఇక జవాబు. "దొయోబి వ చొత్తో..." అని వాక్యం సగంలో ఆగిందనుకో. "శనివారం కొంచెం..." అని అర్థం. ఆ మిగతా సగం ఎప్పటికీ రాదు, అదే "కాదు". ఎందుకని అడగడం ఇక్కడ పెద్ద మోటుతనం. కానీ ఆ వెంటనే "రైషూ నర", వచ్చే వారమైతే, అని తనే ఇంకో రోజు చెబితే నిజంగానే శనివారం పనుందన్నమాట. తేదీ లేని "మత కొందొ", అంటే మరోసారి, వినబడితే ఇక కదపకు. ఇష్టముంటే ఆవిడే ఎత్తుతుంది.

నిన్నే ఎవరైనా పిలిస్తే, వెళ్లాలనుంటే "జెహి" అను, తప్పకుండా అని. "ససొత్తె కురెతె అరిగతో" అని పిలిచినందుకు థాంక్స్ చెప్పు. వద్దనుకుంటే "సెక్కకు దెస్ గ, సొనొ హి వ చొత్తో..." చాలు. పిలిచారు గానీ ఆ రోజు కొంచెం, అని. కారణం అల్లక్కర్లేదు. మనవాళ్లు మొహమాటానికి "ఈసారి తప్పకుండా" అంటారు చూడు, అది వద్దు. పాపం, నమ్మి ఎదురుచూసేవాళ్లుంటారు.

ఇంకోటి. రెండు మూడుసార్లు కలిసి తిరిగినంత మాత్రాన జంట అయినట్టు కాదు. చాలామంది "సుకి దెస్, త్సుకియత్తె కుదసై" అని ఒకరు నోరు తెరిచి అడిగాకే అలా లెక్కేసుకుంటారు. దీన్ని "కొకుహకు" అంటారు. ఇన్ని డొంకతిరుగుళ్ల దేశంలో ఆ ఒక్క మాటా సూటిగానే చెప్పాలి మరి.