1/2-13 UNC-2A థ్రెడ్‌కి ఓడీ ఎంత ఉంచాలి, అలవెన్స్ ఎక్కడ తీయాలి?

ప్రశ్న: డ్రాయింగ్‌లో 1/2-13 UNC-2A అని ఉంది. నేను ఇప్పటిదాకా మెట్రిక్ థ్రెడ్‌లే చేశాను. హాఫ్ ఇంచ్ అంటే 12.7 అని తెలుసు. మరి రాడ్‌ని 12.7కే టర్న్ చేయాలా? 2Aకి అలవెన్స్ ఉంటుందంటున్నారు, అది ఎంత, దేంట్లోంచి తీయాలి?

జవాబు:

12.7కి టర్న్ చేయకండి. ఈ థ్రెడ్‌కి మేజర్ డయా ఎక్కువలో ఎక్కువ 0.4985 ఇంచులు, తక్కువలో తక్కువ 0.4876 ఇంచులు. మన మైక్రోమీటర్ భాషలో 12.66 నుంచి 12.39 మిల్లీమీటర్లు. అలవెన్స్ 0.0015 ఇంచు, అంటే ఒకటిన్నర థౌ. దాన్ని 0.5000లోంచి ముందే తీసేస్తే 0.4985 వస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బాలానగర్‌లో ఒక చిన్న షాపులో ఇన్‌స్పెక్షన్‌లో కొత్తగా చేరినప్పుడు ఇదే థ్రెడ్ మీద 120 స్టడ్లు వెనక్కి వచ్చాయి. ఆ సంగతికి వచ్చే ముందు డ్రాయింగ్ మీద రాసింది చదువుదాం.

మొదటి 1/2 నామినల్ సైజు. అది పేరు మాత్రమే, కొలత కాదు. 13 అంటే ఒక ఇంచు పొడవులో పదమూడు థ్రెడ్‌లు, అంటే పిచ్ 25.4ని 13తో భాగిస్తే వచ్చే 1.954 మిల్లీమీటర్లు. మెట్రిక్‌లో పిచ్ నేరుగా రాస్తారు, ఇక్కడ లెక్క రాస్తారు. మెట్రిక్‌లో అలవాటుపడ్డవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. UNC అంటే కోర్స్ సిరీస్. చివర్లో 2 అనేది క్లాస్, A అంటే బయటి థ్రెడ్, అంటే బోల్టూ స్టడ్డూ. నట్టు అయితే B రాస్తారు. చివర LH అని లేకపోతే అది కుడిచేతి థ్రెడ్డే.

ఇప్పుడు అలవెన్స్. బోల్టుకీ నట్టుకీ మధ్య కచ్చితంగా ఉండాల్సిన కనీస ఖాళీ ఇది. బోల్టు ఎంత పెద్దగా వచ్చినా, నట్టు ఎంత చిన్నగా వచ్చినా ఆ ఖాళీ ఉండాల్సిందే. మీరు మెట్రిక్‌లో 6g చూసే ఉంటారు. M12 బోల్టు 6gకి గరిష్ఠ మేజర్ డయా 12.000 కాదు, 11.966. ఆ తగ్గిన 0.034 ఎలాంటిదో 2Aలోని ఒకటిన్నర థౌ కూడా అలాంటిదే. 3A క్లాస్‌లో మాత్రం అలవెన్స్ సున్నా, అక్కడ గరిష్ఠం 0.5000 దాకా వెళ్లొచ్చు. అందుకే చివరి అంకె చదవకుండా లేత్ మీద చెయ్యి వేయకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. అలవెన్స్ మేజర్ డయాకి మాత్రమే కాదు, పిచ్ డయాకీ అంతే తీయాలి. ఈ థ్రెడ్ మూల పిచ్ డయా 0.4500. దాంట్లోంచి 0.0015 తీస్తే గరిష్ఠం 0.4485, కనిష్ఠం 0.4435. మొత్తం థ్రెడ్ రూపమే డయా మీద ఒకటిన్నర థౌ లోపలికి జరిగిందని ఊహించుకోండి.

మా దగ్గర జరిగింది ఇదీ. టర్నర్ అన్న పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు, చేతి పని చాలా శుభ్రం. రాడ్‌ని 12.70కి టర్న్ చేసి థ్రెడ్ కోశాడు. నేను 2A రింగ్ గేజ్‌లు తెచ్చి చూశాను. గో రింగ్ చక్కగా ఎక్కింది, నోగో ఒక చుట్టు దగ్గరే ఆగింది. అన్నీ ఓకే అని రాసి పంపించాను. నాలుగు రోజులకి కస్టమర్ ఇన్‌స్పెక్షన్ నుంచి మెయిల్ వచ్చింది, మేజర్ డయా ఓవర్‌సైజ్ అని. నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. రింగ్ ఎక్కిన థ్రెడ్ ఎలా రిజెక్ట్ అవుతుందని అనుకున్నాను.

తర్వాత అర్థమైంది. గో రింగ్ గేజ్ లోపల, మన థ్రెడ్ పైకొనలు కూర్చునే చోట కావాలనే ఖాళీ ఉంచుతారు. అది చూసేది పిచ్ డయానీ, థ్రెడ్ రూపాన్నీ. పైకొన డయా మీద ఒకటిన్నర థౌ ఎక్కువగా ఉన్నా ఆ ఖాళీలో సర్దుకుపోతుంది, రింగ్‌కి తెలియదు. మేజర్ డయాని విడిగా మైక్రోమీటర్‌తోనో, సాదా గేజ్‌తోనో చూడాల్సిందే. నేను ఆ పని చేయలేదు, తప్పు నాదే.

వెనక్కి వచ్చిన ముక్కల మీద మైక్రోమీటర్ పెడితే కొన్ని 12.70, కొన్ని 12.71 చూపించాయి. టర్న్ చేసిన సైజు కంటే పెద్దగా ఎలా వచ్చాయా అని లెన్స్ కింద చూస్తే, పైకొన అంచున సన్నటి బర్ లేచి ఉంది, వేలితో తడిమితే గరుగ్గా తగిలేంత. థ్రెడ్ టూల్ లోహాన్ని పక్కకి నెట్టినప్పుడు అలా పైకి లేస్తుంది. అంటే 12.66 గరిష్ఠం ఉన్నప్పుడు 12.66కి టర్న్ చేసినా థ్రెడ్ కోశాక దాటిపోవచ్చు. అప్పటినుంచి నేను చెప్పేది 12.55కి టర్న్ చేయమని. అది లిమిట్‌ల మధ్యకి దగ్గరగా ఉంటుంది, బర్‌కీ చోటు ఉంటుంది. ఆ 120 స్టడ్‌లనీ మళ్లీ కొలెట్‌లో పట్టి, పైకొనల మీద నుంచి పదో వంతు మిల్లీమీటర్ తీసి, బర్ తుడిచి పంపాం. ఒక రాత్రంతా పట్టింది.

ఒక జాగ్రత్త. నేను చెప్పిన 12.55, పైకొనని తాకని మామూలు ఇన్సర్ట్‌కి. పూర్తి ప్రొఫైల్ ఇన్సర్ట్ వాడితే అదే పైకొనని కూడా కోస్తుంది కాబట్టి రాడ్‌ని కాస్త పెద్దగా ఉంచాలి. ఎంత ఉంచాలో ఇన్సర్ట్ కంపెనీ కేటలాగ్ చూడండి. కొలిచేటప్పుడు మైక్రోమీటర్ చదునైన ముఖం కనీసం రెండు మూడు పైకొనల మీద కూర్చోవాలి. ఈ పిచ్‌కి మామూలు మైక్రోమీటర్ సరిపోతుంది. వెర్నియర్ కాలిపర్ పలచటి అంచుతో కొలవద్దు, అది రెండు థ్రెడ్‌ల మధ్యకి జారి తక్కువ చూపిస్తుంది.

టేబుల్ ఎక్కడ దొరుకుతుందంటే, ఈ లిమిట్‌లు ఏఎస్ఎంఈ బీ1.1 స్టాండర్డ్‌లో ఉంటాయి, హ్యాండ్‌బుక్‌లలో కూడా అదే టేబుల్ వేస్తారు. వరుసలో 1/2-13, తర్వాత క్లాస్ 2A, తర్వాత అలవెన్స్ 0.0015, తర్వాత మేజర్ డయా. ఇక్కడే చాలామంది పొరబడతారు. కనిష్ఠానికి రెండు నిలువు వరసలు ఉంటాయి. ఒకదాంట్లో 0.4876, ఇంకోదాంట్లో 0.4822. రెండోది హాట్ రోల్డ్ రాడ్‌ని పైన మెషిన్ చేయకుండా అలాగే వాడే సందర్భానికి. మనం టర్న్ చేసిన రాడ్‌కి మొదటిదే పట్టుకోవాలి. పొరపాటున రెండోది చూస్తే 12.30 కూడా ఓకే అనిపిస్తుంది, కానీ అది అండర్‌సైజ్.

టేబుల్ లేకపోతే లెక్క కట్టుకోవచ్చు. ఇంచుల్లో D అంటే నామినల్ డయా, P అంటే పిచ్, LE అంటే థ్రెడ్ పట్టుకునే పొడవు. కోర్స్ సిరీస్‌కి LEని Dకి సమానంగా తీసుకుంటారు. Td2 అంటే పిచ్ డయా టాలరెన్స్, es అంటే అలవెన్స్, Td అంటే మేజర్ డయా టాలరెన్స్.

```
Td2 = 0.0015*D^(1/3) + 0.0015*LE^(1/2) + 0.015*P^(2/3)
es  = 0.300*Td2
Td  = 0.060*P^(2/3)
```

మన థ్రెడ్‌కి D, LE రెండూ 0.5, P అంటే 1/13. మొదటి వరుసలో మూడు భాగాలు 0.00119, 0.00106, 0.00271 వస్తాయి, కలిపితే 0.00496. దాంట్లో 30 శాతం 0.00149, అంటే అలవెన్స్ 0.0015. మూడో వరుసలో 0.01085, గుండ్రంగా 0.0109. ఇక 0.5000లోంచి 0.0015 తీస్తే 0.4985, దాంట్లోంచి 0.0109 తీస్తే 0.4876. టేబుల్‌లో ఉన్నవీ ఇవే. చాలామంది టాలరెన్స్‌ని నేరుగా 0.5000లోంచి తీసేస్తారు, అప్పుడు 0.4891 వస్తుంది. అది 3A కనిష్ఠం, 2Aది కాదు.

మిల్లీమీటర్లలోకి మార్చేటప్పుడు గరిష్ఠాన్ని కిందికీ, కనిష్ఠాన్ని పైకీ సర్దాలి. 0.4985ని 25.4తో గుణిస్తే 12.6619, దాన్ని 12.66 అనుకోవాలి, 12.67 అని కాదు. 0.4876కి 12.38504 వస్తుంది, దాన్ని 12.39 అనుకోండి. రెండు వైపులా లిమిట్ లోపలే ఉంటారు.

ఆఖరుగా, డ్రాయింగ్‌లో జింక్ ప్లేటింగ్ ఉందేమో చూడండి. 2Aలో ఆ ఒకటిన్నర థౌ ఖాళీ ప్లేటింగ్‌కి కూడా పనికొస్తుంది. డ్రాయింగ్‌లో వేరేగా రాయకపోతే, నేను చెప్పిన గరిష్ఠ లిమిట్‌లు ప్లేటింగ్‌కి ముందు కొలతకి. ప్లేటింగ్ తర్వాత థ్రెడ్ మూల సైజు దాకా, అంటే మేజర్ డయా 0.5000, పిచ్ డయా 0.4500 దాకా పెరగొచ్చు. పొర మందం ఎంతైతే, మేజర్ డయా దానికి రెండు రెట్లు, పిచ్ డయా నాలుగు రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే థ్రెడ్ పక్కలు 60 డిగ్రీల కోణంలో వాలుగా ఉంటాయి. ఒకటిన్నర థౌ అంటే 38 మైక్రాన్లు, దాన్ని నాలుగుతో భాగిస్తే తొమ్మిదిన్నర. పిచ్ డయా గరిష్ఠం దగ్గర ఉన్న బోల్టు మీద 8 మైక్రాన్ల జింక్ పడితే ఇబ్బంది లేదు, 12 మైక్రాన్లు పడితే దాటిపోతుంది. అలాంటి ప్లేటింగ్ అడిగితే పిచ్ డయాని లిమిట్‌లో కాస్త కిందకే కోయండి. ప్లేటింగ్ అయ్యాక 2A గో రింగ్ బిగుసుకున్నంత మాత్రాన రిజెక్ట్ చేయకండి. 3A గో రింగ్ వేసి చూడండి, అది ఎక్కితే గరిష్ఠం వైపు బాగున్నట్టే.