పొట్టు రాలే తలకు రంగు వేసుకోవడం

ప్రశ్న: తలలో పొట్టు రాలుతోంది, చుండ్రో సోరియాసిసో తెలియదు. వచ్చే నెల పెళ్లికి జుట్టుకు రంగు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ మాడు మీద పగుళ్లు, రసి, గోకిన గాట్లు పూర్తిగా మానాకే. జిడ్డుగా, పసుపు ఛాయతో రాలేది సాధారణంగా చుండ్రు; దానికి కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు పట్టించి, ఐదు నిమిషాలుంచి కడిగితే తరచుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. తెల్లని దళసరి పొలుసులు నుదుటి అంచు దాటి, చెవుల వెనక, మోచేతుల మీద కూడా కనిపిస్తే సోరియాసిస్ అనుమానించి, రంగుకు ముందే చర్మవైద్యుణ్ని కలవాలి. ఎందుకంటే ఆ చర్మానికి మంట పుట్టినా, గాయమైనా అక్కడే కొత్త మచ్చలు లేవవచ్చు.

మాడు మామూలుగా ఉన్నా, కలిపిన రంగు చుక్కను మోచేతి లోపలివైపు ప్యాకెట్ మీద చెప్పినట్లు రాసి 48 గంటలు చూడండి. నిమిషాల్లో నల్లబరిచే ‘నల్ల హెన్నా’లో తరచూ పీపీడీ అనే, అలర్జీ కలిగించగల రంగు రసాయనం ఉంటుంది, కాబట్టి గోరింటాకు పేరు చూసి ఈ పరీక్షను మానకండి. దురద, బొబ్బలు వస్తే ఆ రంగు మీకు పనికిరాదు. రంగు వేశాక కనురెప్పలు, ముఖం వాచినా, మాడు నుంచి రసి కారినా అదే రోజు వైద్యుణ్ని కలవండి; ఊపిరాడకపోతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.